తెర మీద ముఖం: ఆపేది ఏది, నేర్పేది ఏది?

2004లో బోస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న సల్మాన్ ఖాన్ అనే యువకుడు న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న తమ బంధువుల అమ్మాయి నదియాకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్య రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫోన్లో గొంతు వినిపించేది. యాహూ డూడుల్ అనే కంప్యూటర్ పలక మీద అతను రాసేది ఆమెకు కనిపించేది. పాఠమంతా ఆ రెండింటితోనే నడిచింది. నదియా తమ్ముళ్లు చేరారు, తర్వాత మిగతా బంధువుల పిల్లలూ చేరారు. అందరికీ వేళలు కుదరక, ఒక మిత్రుడి సలహాతో 2006 చివర్లో ఖాన్ తన పాఠాలను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. నల్లటి తెర, దాని మీద రంగురంగుల చేతిరాత, వెనక నుంచి తీరిగ్గా మాట్లాడే గొంతు. చెప్పే మనిషి మాత్రం కనిపించడు.

ఆ పద్ధతి పుట్టింది ముందు అవసరం కొద్దీ. చేతిలో ఉన్న పనిముట్లతో అంతకు మించి చేయడం కష్టం. తర్వాత దానికి ఒక వాదం కూడా తోడైంది. మనిషి ముఖం కనిపిస్తే కళ్లు అటే పోతాయని, లెక్క మీద నిలవాల్సిన చూపు చెదురుతుందని, ముఖం లేకపోతే పక్కన కూర్చుని ఒకే కాగితం వైపు చూస్తున్నట్టు ఉంటుందని ఖాన్ చెప్పేవాడు. కోట్లమంది ఆ పాఠాలు చూశారు గనుక ఆ వాదానికి బలం వచ్చింది. కానీ ఎక్కువమంది చూశారన్నది ఒక సంగతి, ముఖం లేనందువల్లే చూశారన్నది వేరే సంగతి. అదే పాఠం ముఖంతో కూడా ఉండి ఉంటే ఏమయ్యేది? ఆ రోజుల్లో దానికి జవాబు చెప్పే కొలమానం ఎవరి దగ్గరా లేదు. ఆ కొలమానం ఎలా తయారైందో, అది చివరికి ఏం చూపించిందో చెప్పేదే ఈ కథ.

ప్రయోగశాలలో ఒక పాత తగవు

నిజానికి ఈ ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతకుముందే రెండు పక్షాలుగా ఉన్నారు. ఒక పక్షం ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ ఆలోచన నుంచి వచ్చింది. మనిషి మనసు ఒక్కసారి పట్టుకోగలిగిన విషయాలు చాలా కొద్ది. చూపును రెండు చోట్లకు పంచితే, ఒక చోట చూసినదాన్ని ఇంకో చోట చూసినదానితో కలుపుకోవడానికే ఆ కొద్ది శక్తీ ఖర్చయిపోతుంది. ముఖం పాఠంలో భాగం కాదు కనుక అది అదనపు బరువు. రెండో పక్షం మనిషి సంఘజీవి అన్న దగ్గర మొదలవుతుంది. ఎదుట ఒకరు ఉండి తనతో మాట్లాడుతున్నారనిపిస్తే వినేవాడు శ్రద్ధ పెంచుతాడు, అర్థం చేసుకోవడానికి ఎక్కువ ప్రయత్నిస్తాడు అని వాళ్ల మాట.

కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ ఈ తగవును ఏళ్ల తరబడి ప్రయోగాలతో పరీక్షించాడు. పాఠం చెప్పే బొమ్మ పాత్రను తెర మీద ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. గొంతు మనిషిదైతే, మాట సంభాషణలా ఉంటే నేర్చుకోవడం మెరుగుపడింది. బొమ్మ కనిపించడం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ లాభం రాలేదు. చెప్పేవారి రూపాన్ని తెర మీద పెట్టినంత మాత్రాన నేర్చుకోవడం పెరగదన్న సూత్రం అలా పాఠ్యగ్రంథాల్లోకి ఎక్కింది.

అయితే ఆ ప్రయోగాలకు ఒక హద్దు ఉంది. ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థి కుర్చీలో కూర్చుని పాఠం చివరిదాకా చూస్తాడు. మధ్యలో లేచిపోడు. ఇంట్లో వీడియో చూసేవాడికి ఆ కట్టుబాటు లేదు, విసుగొస్తే మూసేస్తాడు. ఎంతసేపు ఆగాడన్నది అక్కడ మొదటి ప్రశ్న, ఎంత గుర్తుందన్నది రెండోది. రిటెన్షన్ అన్న ఒక్క మాటనే యూట్యూబ్‌లో మొదటిదానికీ, మనస్తత్వ శాస్త్రంలో రెండోదానికీ వాడటం వల్ల ఈ రెండు కొలతలూ తరచూ కలగాపులగమయ్యాయి. మన కథలో మెలికలన్నీ ఆ కలగాపులగం నుంచి వచ్చినవే.

లేచిపోయే క్షణాన్ని పట్టిన గీత

వీడియో చూస్తున్నవాళ్లు ఏ క్షణంలో లేచిపోతున్నారో చూపే గీతను యూట్యూబ్ 2008లో తన ఛానళ్ల యజమానుల ముందు పెట్టింది. 2011 చివర్లో దాన్ని ఆడియన్స్ రిటెన్షన్ పేరుతో మెరుగుపరిచింది. 2012లో ఏ వీడియోను ముందు చూపించాలన్నది క్లిక్కుల లెక్క మీద కాక చూసిన సమయం లెక్క మీద తేల్చడం మొదలుపెట్టింది. అప్పటిదాకా కొందరికి కుతూహలంగా ఉన్న ఆ గీత, వీడియోలు చేసే ప్రతివారికీ బతుకుతెరువు విషయమైపోయింది. ముఖం పెట్టాలా, తెర ఒక్కటే చూపాలా అన్న ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుందని అందరూ వెతకసాగారు.

వెతికిన వారిలో చాలామంది తప్పు జవాబుతో తిరిగొచ్చారు. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. ఒకావిడ ఎక్సెల్ పాఠాలు చెబుతున్నారనుకుందాం. ముఖం కనిపించే వీడియో 4 నిమిషాలది, దాన్ని సగటున 3 నిమిషాలు చూశారు. తెర రికార్డింగ్ మాత్రమే ఉన్న వీడియో 12 నిమిషాలది, దాన్ని సగటున 4 నిమిషాల 48 సెకన్లు చూశారు. శాతంలో చూస్తే మొదటిది 75, రెండోది 40. ముఖం గెలిచినట్టే కనిపిస్తుంది. నిమిషాల్లో చూస్తే తెర రికార్డింగే ఎక్కువసేపు ఆపింది. పైగా మొదటిది ఛానల్ పరిచయం, రెండోది పైవట్ టేబుల్ పాఠం. మొదటిదాన్ని పాత అభిమానులు చూశారు. రెండోదాన్ని ఆఫీసులో చిక్కొచ్చిపడి వెతుక్కుంటూ వచ్చినవారు చూశారు, వాళ్లు తమకు కావలసిన మెట్టు దొరకగానే వెళ్లిపోయారు. నిడివి, విషయం, ప్రేక్షకులు మూడూ మారాక, ఆ తేడాలో ముఖం వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. గీత నిజమే చెబుతోంది. దాన్ని అడిగిన ప్రశ్న మాత్రం సరిగా లేదు.

69 లక్షల చూపులు

2012లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, హార్వర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఎడెక్స్ అనే ఉచిత ఆన్‌లైన్ బోధన సంస్థను పెట్టాయి. ఒక్కో కోర్సులో వేలు, లక్షల మంది చేరారు. అధ్యాపకులు మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరున వీడియోలు చేశారు. కొందరు తరగతి గదిలో చెప్పినదాన్నే ముక్కలు చేసి పెట్టారు. కొందరు స్టూడియోకు వెళ్లారు. కొందరు తమ ఆఫీసు గదిలోనే బల్ల ముందు కూర్చుని మాట్లాడారు. కొందరు స్లయిడ్ల మీద గొంతు కలిపారు. కొందరు ప్రోగ్రాం రాస్తూ తెరను రికార్డు చేశారు. ఇంకొందరు ఖాన్ లాగే డిజిటల్ పలక మీద చేత్తో రాశారు. ఇందులో ఏది డబ్బుకు తగినదో తేల్చుకోవాల్సిన అవసరం సంస్థకు వచ్చింది.

ఆ పనిని ఫిలిప్ గువో అనే యువ కంప్యూటర్ శాస్త్రవేత్త, పరిశోధక విద్యార్థి జూహో కిమ్, ఎడెక్స్‌లో ఇంజనీరింగ్ బాధ్యతలు చూస్తున్న రాబ్ రూబిన్ చేపట్టారు. 2012లో మొదలైన నాలుగు కోర్సులను తీసుకున్నారు. ప్రోగ్రామింగ్, కృత్రిమ మేధ, గణాంక శాస్త్రం, రసాయన శాస్త్రం. మొత్తం 862 వీడియోలు, లక్షా 27 వేల పైచిలుకు విద్యార్థులు, సుమారు 69 లక్షల వీక్షణలు. విద్యార్థి ప్లే నొక్కినా, ఆపినా, ముందుకు జరిపినా ఆ కదలిక సర్వర్‌లో నమోదవుతుంది. ప్లే నుంచి ఆగేదాకా ఉన్న సమయాన్ని ఒక వీక్షణగా లెక్కించారు. పొరపాటున నొక్కినవాటిని వదిలేయడానికి 5 సెకన్లలోపు వాటిని తీసేశారు.

ఈ కొలతలో ఒక లోపం ఉందని వాళ్లకు మొదటే తెలుసు. వీడియో నడుస్తోందంటే మనిషి చూస్తున్నాడని కాదు. ప్లే నొక్కి వంటింట్లోకి వెళ్లినా సర్వర్‌కు తేడా తెలియదు. అందుకే ఇంకో కొలతను జోడించారు. వీడియో చూసిన 30 నిమిషాల్లోపు దాని కిందనున్న అభ్యాసాన్ని విద్యార్థి ప్రయత్నించాడా లేదా అని చూశారు. అది కూడా నేర్చుకున్నాడనడానికి రుజువు కాదు గానీ, మనిషి అక్కడే ఉన్నాడనడానికి కొంత ఆధారం.

2014లో వెలువడిన ఆ పరిశీలన నుంచి బాగా ప్రచారమైన ఫలితం నిడివి గురించి. వీడియో ఎంత పొడవున్నా, మధ్యస్థ వీక్షణ సమయం 6 నిమిషాలు దాటలేదు. దీంతోనే ముఖం పోలికలోని చిక్కు ఒకటి తేలిపోతుంది. వేర్వేరు నిడివి వీడియోలను పక్కపక్కన పెడితే ముందు నిడివే మాట్లాడుతుంది. అందుకే గువో బృందం ఒకే నిడివి వర్గంలో ఉన్నవాటిని ఒకదానితో ఒకటి పోల్చింది. అలా పోల్చాక, స్లయిడ్ల మధ్యమధ్య అధ్యాపకుడి ముఖం కనిపించే వీడియోలను, స్లయిడ్లు మాత్రమే ఉన్నవాటి కంటే ఎక్కువసేపు చూశారని తేలింది. ఆ రౌండులో ముఖం గెలిచింది.

ఇక్కడితో ఆగినవారు ఆ వ్యాసంలోని అసలు ఆసక్తికరమైన భాగాన్ని వదులుకున్నట్టే. స్లయిడ్ల కంటే, ప్రోగ్రాం తెర రికార్డింగుల కంటే ఖాన్ తరహా చేతిరాత వీడియోలనూ విద్యార్థులు ఎక్కువసేపు చూశారు. అందులో ముఖమే లేదు! అంతేకాదు, ఖర్చు పెట్టి స్టూడియోలో తీసిన వీడియోల కంటే, ఆఫీసు బల్ల ముందు కూర్చుని ఎదుటివారి కళ్లలోకి చూస్తున్నట్టు మాట్లాడినవే మెరుగ్గా నిలిచాయి. అక్కడ రెండింట్లోనూ ముఖం ఉంది. అంటే ముఖం ఉన్నవాటిలోనే తేడా ఉంది, ముఖం లేనివాటిలోనూ తేడా ఉంది. ముఖం ఒక పక్క, తెర ఒక పక్క అని గీసిన గీటే సరైన చోట లేదేమోనన్న అనుమానం ఇక్కడే మొదలైంది.

అచ్చు వేసినట్టు ఒక్కసారిగా కనిపించే స్లయిడ్‌కూ, ఒక్కో గీతగా రూపుదిద్దుకునే చేతిరాతకూ తేడా ఏమిటి? చేతిరాతలో ఒక మనిషి ఇప్పుడు, ఈ క్షణంలో ఆలోచిస్తున్న జాడ ఉంది. ఏ అంకె గురించి మాట్లాడుతున్నాడో ఆ అంకె అప్పుడే పుడుతుంది కనుక కంటికి ఎక్కడ చూడాలన్న తడుములాట ఉండదు. రాసే వేగం చెప్పే వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అందువల్ల వినేవాడు వెనకబడిపోడు.

ముఖం వచ్చిన చోట ఎందుకు వెనక్కి తిప్పారు?

అదే 862 వీడియోల మీద జూహో కిమ్, గువో, వారి సహచరులు 2014లోనే ఇంకో పరిశీలన చేశారు. ఈసారి సగటులు వదిలేసి, సెకను సెకనుకు ఏం జరుగుతోందో చూశారు. సగానికి పైగా వీక్షణలు వీడియో చివరిదాకా రాకుండానే ముగిశాయి. అలా వెళ్లిపోయిన వాటిలో మూడో వంతుకు పైగా వీడియోలో మొదటి 3 శాతం గడిచేలోపే జరిగాయి. 5 నిమిషాల వీడియోలో ఆ 3 శాతం అంటే 9 సెకన్లు. తెరిచి, ఇది నాకు కావలసినది కాదని చూసుకుని వెళ్లిపోయినవాళ్లు వాళ్లు. ఆ సెకన్లలో ముఖం ఉందో, తెర ఉందో అన్నదానికంటే, వెతుక్కున్న విషయం ఉందా అన్నదే ఎక్కువ పని చేస్తుందని ఇక్కడ అనుకోవచ్చు.

గీతలో పడిపోయే చోట్లే కాదు, ఉన్నట్టుండి గుట్టల్లా పైకి లేచే చోట్లు కూడా ఉన్నాయి. చాలామంది వెనక్కి తిప్పి మళ్లీ చూసిన చోట్లవి. ఆ గుట్టల్లో ఎక్కువ భాగం తెర మీద దృశ్యం మారే చోటు దగ్గర ఉన్నాయి. స్లయిడ్ నుంచి మనిషికి, మనిషి నుంచి స్లయిడ్‌కు మారే చోట్లన్నమాట. కొన్నింటి కథ సులువుగానే అర్థమవుతుంది. స్లయిడ్ మీది సూత్రాన్ని విద్యార్థి ఇంకా చదువుతూ ఉంటాడు. ఎడిటర్ దాన్ని తీసేసి మాట్లాడే మనిషిని చూపిస్తాడు. విద్యార్థి వెనక్కి తిప్పి, వీడియో ఆపి, ఆ సూత్రాన్ని రాసుకుంటాడు.

వీడియో చేసేవారికి ఇది పనికొచ్చే గుర్తు. మీ గీతలో ముఖం వచ్చే క్షణానికి కొద్ది ముందు గుట్ట కనిపిస్తే, అది ముఖం మీద అభిమానం కాదు. తెరను తొందరపడి తీసేశారన్న ఫిర్యాదు. పైగా యూట్యూబ్ లెక్కలో ఆ వెనక్కి తిప్పడం కూడా చూసిన సమయంగానే చేరుతుంది. అందువల్ల గందరగోళపెట్టిన వీడియో కూడా ఒక్కోసారి బాగా ఆకట్టుకున్నట్టు కనిపిస్తుంది.

కంటి వెంట నడిచిన యంత్రం

లక్షల మంది క్లిక్కులు చెప్పలేనిదాన్ని పట్టుకోవడానికి, అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్‌లో రెనె కిజిల్‌చెక్, కేథరిన్ పాపడోపులస్, లలిడా శ్రీతన్యరతన వ్యతిరేక దిశ నుంచి వచ్చారు. చాలా కొద్దిమందిని తీసుకుని, వాళ్ల కళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో నమోదు చేసే యంత్రం ముందు కూర్చోబెట్టారు. స్లయిడ్లతో సాగే ఒక ఉపన్యాసాన్ని మూలన అధ్యాపకుడి ముఖం ఉన్న రూపంలోనూ, ముఖం లేని రూపంలోనూ చూపించారు. మాట అదే, స్లయిడ్ అదే. మారింది ముఖం ఒక్కటే. యూట్యూబ్ గీతలు ఇవ్వలేని శుభ్రమైన పోలిక ఇది.

ముఖం ఉన్నప్పుడు చూసేవాళ్లు తమ సమయంలో దాదాపు 41 శాతం ఆ ముఖం మీదే గడిపారు. సగటున ప్రతి 3.7 సెకన్లకు ఒకసారి చూపు ముఖానికీ స్లయిడ్‌కూ మధ్య మారింది. 6 నిమిషాల వీడియోకు లెక్క వేస్తే, దాదాపు రెండున్నర నిమిషాలు ముఖం మీదే పోతాయి. చూపు వందసార్లకు దగ్గరగా అటూ ఇటూ తిరుగుతుంది. చూపు చెదురుతుందన్న ఖాన్ భయం అక్షరాలా నిజమే.

అయినా పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో ముఖం చూసినవారికీ, చూడనివారికీ గుర్తుంచుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏది బాగుందని అడిగితే మాత్రం ముఖం ఉన్నదానికే గట్టిగా మొగ్గారు. దానితోనే బాగా నేర్చుకున్నామని కూడా అనుకున్నారు. ఆగడం, ఇష్టపడడం, నేర్చుకున్నామనుకోవడం, నిజంగా గుర్తుంచుకోవడం నాలుగూ వేర్వేరు దారుల్లో వెళ్లగలవని ఇంత స్పష్టంగా కనిపించడం ఈ కథలో కీలకమైన మలుపు.

చూపులో ఐదింట రెండు వంతులు పోయినా జ్ఞాపకం ఎందుకు తగ్గలేదు? ఉపన్యాసంలో విషయం ఎక్కువగా చెవి ద్వారా వస్తుంది. స్లయిడ్ ఒకసారి చదివేస్తే నిమిషం పాటు అలాగే ఉంటుంది. చదవడం అయిపోయాక కంటికి పని లేదు కనుక అది ముఖం వైపు వెళ్తుంది. ఖాళీ సమయాన్నే ముఖం తీసుకుందన్నమాట. ఇదే తర్కాన్ని ఎక్సెల్ పాఠానికీ, ప్రోగ్రామింగ్ పాఠానికీ వర్తింపజేస్తే కథ మారుతుంది. అక్కడ మౌస్ బాణం ఒక మెనూ తెరిచి, రెండు క్లిక్కులు చేసి, మూసేయడానికి మూడు సెకన్లు చాలు. కన్ను ఆ మూడు సెకన్లు ముఖం మీద ఉంటే ఒక మెట్టే తప్పిపోతుంది. అందువల్ల స్టాన్‌ఫర్డ్ ఫలితం స్లయిడ్ ఉపన్యాసాలకు చెప్పినంత ధైర్యంగా కదిలే తెరలకు చెప్పలేం.

ఎంచుకోమన్నప్పుడు ఏం ఎంచుకున్నారు?

ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. ప్రయోగశాలలో లేచిపోయే వీలు లేదు, ఇంట్లో ఉంది. దానికోసం కిజిల్‌చెక్, స్టాన్‌ఫర్డ్‌కే చెందిన జెరెమీ బెయిలెన్‌సన్, చార్లెస్ గోమెజ్ నిజమైన ఆన్‌లైన్ కోర్సుల్లోకి వెళ్లారు. 2015లో వెలువడిన వారి వ్యాసంలో రెండు భాగాలున్నాయి.

మొదటి భాగంలో 8 వారాల కోర్సులో 2,951 మందికి వీడియోలను ముఖంతోనో, ముఖం లేకుండానో చూసుకునే వీలిచ్చారు. ముఖంతో చూసినవారు పాఠం అనుభవం బాగుందన్నారు. కానీ 35 శాతం మంది ముఖం లేనిదాన్నే ఎంచుకున్నారు. కారణం అడిగితే దృష్టి చెదురుతోందన్నారు. మూడింట ఒక వంతుకు పైగా మనుషుల అభిరుచిని సగటు మింగేస్తోందని ఇది చూపింది.

రెండో భాగంలో 12,468 మందితో 10 వారాల ప్రయోగం చేశారు. ఈసారి ఎంపికను విద్యార్థికి వదలకుండా చీటీ తీసినట్టు పంచారు. కొందరికి ముఖం ఎప్పుడూ కనిపించింది. కొందరికి అవసరమైన చోట కనిపించి, స్లయిడ్ మీద శ్రద్ధ పెట్టాల్సిన చోట తొలగింది. ఆలోచించి పెట్టిన రెండో పద్ధతే గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ కోర్సు మానేసినవారి లెక్కలోగానీ, మార్కుల్లోగానీ మొత్తం మీద తేడా రాలేదు. వచ్చిపోయే ముఖం మనిషి సాన్నిహిత్యాన్ని పెంచినట్టు అనిపించింది, అదే సమయంలో మనసు మీద బరువును కూడా పెంచినట్టు అనిపించింది. ఒకటి తెచ్చిన లాభాన్ని రెండోది తినేసినట్టుంది.

సులువైన పాఠం, కష్టమైన పాఠం, చేయి

తర్వాతి పరిశోధకులు ముఖం మంచిదా చెడ్డదా అని అడగడం మానేసి, ఎలాంటి పాఠంలో అని అడగసాగారు. 2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి జియాహుయ్ వాంగ్, పావ్లో ఆంటొనెంకో గణిత వీడియోలతో కంటి యంత్రాన్ని వాడారు. ఒకటి సులువైన అంశం, ఒకటి కష్టమైనది. సులువైన పాఠంలో ముఖం ఎక్కువ చూపును లాగింది, గుర్తుంచుకోవడం కూడా మెరుగైంది. కష్టమైన పాఠంలో గుర్తుంచుకోవడంలో ఆ లాభం రాలేదు గానీ, కష్టం తక్కువగా అనిపించిందని చూసినవారు చెప్పారు. నేర్చుకున్నదాన్ని కొత్త లెక్కకు వర్తింపజేయడంలో మాత్రం రెండింట్లోనూ ముఖం తేడా తేలేదు.

అంతకు ముందు ఏడాది, 2016లో, లోగన్ ఫియొరెల్లా, రిచర్డ్ మేయర్ డాప్లర్ ప్రభావం మీద పాఠాన్ని తీసుకున్నారు. గీసేసిన బొమ్మలను చూపి వివరించడం ఒక పద్ధతి, చూస్తుండగానే బొమ్మలు గీస్తూ వివరించడం ఇంకో పద్ధతి. ఆ విషయంలో ముందుగా పెద్దగా తెలియనివారికి గీస్తుండగా చూడటం మేలు చేసింది. అందుకు మనిషి మొత్తం కనిపించనక్కరలేదు, గీసే చేయి కనిపిస్తే సరిపోయింది. ఎడెక్స్ లెక్కల్లో ఖాన్ తరహా వీడియోలు ఎందుకు నిలిచాయో దీనితో అర్థమవుతుంది. చేయి మనిషి ఉనికినీ తెస్తుంది, చూపును పాఠం మీదికీ తెస్తుంది. ముఖం మొదటి పని చేస్తుంది, రెండో పనికి ఎదురు నిలుస్తుంది.

ఇప్పుడు పోల్చాలంటే

ఈ చరిత్ర అంతా తెలిశాక, తన వీడియోల్లో ముఖం ఉండాలా వద్దా అని తేల్చుకోవాలనుకునే తెలుగు అధ్యాపకుడైనా, యూట్యూబర్ అయినా ఎలా పోల్చాలో స్పష్టంగానే ఉంది. ఒకే పాఠాన్ని ఒకే గొంతుతో ఒకసారి రికార్డు చేయాలి. దాని నుంచే రెండు రూపాలు తీయాలి, ఒకదానిలో మూలన ముఖం, ఇంకోదానిలో తెర మాత్రమే. విడివిడిగా రెండుసార్లు చెబితే రెండోసారి మాట సాఫీగా వస్తుంది. అప్పుడు కొలిచేది ముఖాన్ని కాదు, అభ్యాసాన్ని.

ఆ రెండు రూపాలను ఎవరికి ఏది వస్తుందో చీటీతో పంచాలి. బహిరంగ ఛానల్‌లో ఒకే వీడియోకు రెండు రూపాలు పెట్టి యాదృచ్ఛికంగా చూపించడం కష్టం కనుక, తన తరగతి విద్యార్థులకు వేర్వేరు లింకులు పంపడం నయం. ఎంతసేపు చూశారన్నది నిమిషాల్లోనూ, శాతంలోనూ చూడాలి. మొదటి కొద్ది సెకన్లలో వెళ్లిపోయినవారిని వేరుగా లెక్కించాలి. వారం తర్వాత, వీడియో మళ్లీ చూపకుండా, అందులో చెప్పిన పనినే చేయించి చూడాలి. పైవట్ టేబుల్ పాఠమైతే కొత్త పట్టిక ఇచ్చి పైవట్ టేబుల్ వేయమనాలి. ఎలా ఉందని అడగడం కూడా మంచిదే, కానీ ఆ జవాబును నేర్చుకున్నదానికి కొలతగా తీసుకోకూడదు. తరగతి చిన్నదైతే కొద్దిపాటి తేడాలు యాదృచ్ఛికంగానే వస్తాయి. అందుకే ఒక్క పాఠంతో తీర్పు చెప్పకుండా, మరికొన్ని పాఠాల్లోనూ అదే దిశలో తేడా వస్తోందా అని చూడాలి.

ఇంతవరకు తెలిసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది. పరిచయంలోనూ, ఒక అంశం నుంచి ఇంకో అంశానికి మారేటప్పుడూ, తెర మీద కదిలేది ఏమీ లేనప్పుడూ ముఖం ఉండాలి. అక్కడ అది మనిషిని ఆపుతుంది, ఖర్చేమీ ఉండదు. బాణం కదులుతున్నప్పుడు, సూత్రం పుడుతున్నప్పుడు, చిన్న అక్షరాలు చదవాల్సినప్పుడు తెరను పూర్తిగా పాఠానికే వదిలేయాలి. అక్కడ మనిషి జాడ కావాలనుకుంటే రాసే చేతిని చూపించాలి. నల్ల తెర పాఠాలు నిలిచింది వాటిలో మనిషి లేనందుకు కాదు, ప్రతి గీతలోనూ అతను ఉన్నందుకని ఎడెక్స్ లెక్కలూ, ఫియొరెల్లా, మేయర్‌ల ప్రయోగమూ కలిసి నన్ను నమ్మించాయి.